సంతకం చెడలేదు, గుర్తుపట్టలేదు

మా మేనకోడలికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. చేరే ముందు ఈ-ఆధార్ పీడీఎఫ్ పంపమన్నారు. వడ్డాదిలో నెట్ సెంటర్‌కి వెళ్లి ఫైలు దించుకుంది. సంతకం ఉన్న చోట పచ్చ టిక్కు కనిపించింది. తృప్తిపడి అక్కణ్ణుంచే మెయిల్ చేసింది. మర్నాడు పొద్దున్నే నాకు ఫోను.

"మావయ్యా, డిజిటల్ సంతకం ఇన్‌వాలిడ్ అని వస్తోందంట. మెయిల్లో పాడైపోయి ఉంటదంటున్నారు. ఏటి చెయ్యాలి?"

అనుమానం సహజమే. ఇక్కడ టిక్కు ఉంది, అక్కడ లేదు, మధ్యలో ఉన్నది మెయిలొక్కటే. దొంగతనం జరిగిన ఇంట్లోంచి ఆఖరున బయటికొచ్చినవాడి మీదే కదా అందరి కళ్లూ పడతాయి. కానీ ఈ కేసులో మెయిల్ చాలామటుకు అమాయకురాలు. ఎందుకో చెప్పాలంటే ముందు మెయిల్ ఏం చేస్తుందో చూడాలి.

మెయిల్ పుట్టింది అక్షరాలు మోయడానికి. పీడీఎఫ్ లాంటి ఫైలును అది ఉన్నదున్నట్టు మోయలేదు. అందుకని పంపేటప్పుడు ఫైల్లోని ప్రతి మూడు బైట్లనూ నాలుగు మామూలు అక్షరాలుగా మారుస్తుంది. దీన్ని బేస్64 అంటారు. అవతల మెయిల్ విప్పినప్పుడు ఆ నాలుగూ మళ్లీ మూడు బైట్లవుతాయి, ఒక్క బైటు కూడా తేడా రాదు. మెయిల్లో జతచేసిన ఫైలు అసలు కన్నా మూడో వంతు బరువెక్కేది ఇందుకే. ఈ బరువు దారిలోనే, ఇల్లు చేరేసరికి దిగిపోతుంది.

మెయిల్ వల్ల ఫైలు మారే సందర్భాలు లేకపోలేదు. కొన్ని కంపెనీల్లో బయటినుంచి వచ్చే ప్రతి పీడీఎఫ్‌నూ గుమ్మం దగ్గరే విప్పి, ప్రమాదకరమైనవేమైనా ఉంటే తీసేసి, కొత్తగా కట్టి లోపలికి పంపే ఏర్పాటు ఉంటుంది. అలా కట్టినది చూడ్డానికి అదే కాగితం, బైట్ల లెక్కలో మాత్రం వేరే ఫైలు. కాబట్టి మెయిల్‌ని వెంటనే నిర్దోషిగా వదిలెయ్యకుండా సాక్ష్యం అడిగాను.

సాక్ష్యం తేలికే. "నీ ఫైలు వాళ్లకి చేరింది కదా, అదే ఫైలు తిరిగి నీకు మెయిల్ చెయ్యమను" అన్నాను. సాయంత్రానికి వచ్చింది. నెట్ సెంటర్ కంప్యూటర్లో మొదట దించుకున్న ఫైలూ, బెంగళూరు వెళ్లి తిరిగొచ్చిన ఫైలూ పక్కపక్కన పెట్టి, విండోస్ కమాండ్ ప్రాంప్టులో ఈ రెండు వరసలు కొట్టించాను.

```
certutil -hashfile mundu.pdf SHA256
certutil -hashfile tirigi.pdf SHA256
```

ఈ కమాండు ఫైలు మొత్తాన్ని నమిలి 64 అక్షరాల సారం ఒకటి చెబుతుంది. దాన్ని హ్యాష్ అంటారు. ఫైలు ఎంత పెద్దదైనా సారం 64 అక్షరాలే. ఫైల్లో ఒక్క చుక్క మారినా సారం మొత్తం మారిపోతుంది, పాతదానికీ కొత్తదానికీ పోలికే ఉండదు. మా రెండు ఫైళ్లకీ మొదటి అక్షరం నుంచి చివరిదాకా ఒకటే వచ్చింది. అంటే ఫైలు బెంగళూరు వెళ్లింది, వచ్చింది, దానికి గీత కూడా పడలేదు. మెయిల్ కేసు అక్కడితో కొట్టేశాం.

మరి ఫైలు అదే అయితే టిక్కు ఎందుకు పోయింది? టిక్కు ఫైల్లో ఉండదు కాబట్టి. చాలామంది పొరబడేది ఇక్కడే. మనకి కనిపించే టిక్కూ, ప్రశ్నార్థకమూ, ఎర్ర క్రాసూ సంతకం చేసినవాళ్లు పెట్టిన ముద్రలు కావు. ఫైలు తెరిచిన ప్రతిసారీ ఆ కంప్యూటర్లోని సాఫ్ట్‌వేర్ అప్పటికప్పుడు చెప్పే తీర్పు అది. సాక్షి ఒకడే, జడ్జీలు ఇద్దరు. వడ్డాది జడ్జీ ఒకటన్నాడు, బెంగళూరు జడ్జీ ఇంకొకటన్నాడు.

ఆ జడ్జీ వేసుకునే ప్రశ్నలు రెండు. సంతకం పెట్టిన తరవాత ఈ ఫైలు మారిందా? ఇది మొదటిది. సంతకం పెట్టినవాళ్లు నాకు తెలుసా? ఇది రెండోది. మొదటిదానికి జవాబు ఫైల్లోనే ఉంటుంది. రెండోదానికి జవాబు ఆ కంప్యూటర్లో ఉంటుంది.

మొదటి ప్రశ్న సంగతి చూద్దాం. సంతకం చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ పీడీఎఫ్‌లో సంతకం కోసం కొంత ఖాళీ వదిలి, ఆ ఖాళీకి ముందున్న భాగాన్నీ వెనకున్న భాగాన్నీ కలిపి హ్యాష్ కడుతుంది. ఆ హ్యాష్‌ని సంతకందారు రహస్య తాళంచెవితో ముద్రించి ఖాళీలో పెడుతుంది. ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా లెక్కలోకి తీసుకుందో కూడా ఫైల్లోనే రాసి పెడుతుంది. పీడీఎఫ్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి ByteRange అన్న మాట వెతికితే ఇలాంటి వరస దొరుకుతుంది. అంకెలు నమూనాకి నేను వేసినవి.

```
/ByteRange [0 65120 81506 2390]
```

ఇది చదవడానికి గొప్ప చదువు అక్కర్లేదు. సున్నాతో మొదలుపెట్టి 65120 బైట్లు ఒక ముక్క. 81506 దగ్గర మొదలై 2390 బైట్లు రెండో ముక్క. మధ్యలో ఉన్న 16386 బైట్లు సంతకం కూర్చునే గది. ఆఖరి రెండంకెలూ కూడితే 83896. ఫైలు ప్రాపర్టీస్‌లో చూపించే సైజు సరిగ్గా 83896 బైట్లయితే, సంతకం గది తప్ప ఫైలంతా లెక్కలో ఉందన్నమాట. సైజు ఎక్కువుంటే సంతకం తరవాత ఎవరో చివర్న ఏదో చేర్చారు. రెండో సంతకమో, కాలముద్రో అయితే తప్పు కాదు, చూసుకోవాలి అంతే. సైజు తక్కువుంటే ఫైలు పూర్తిగా దిగలేదు, మళ్లీ దించుకోవాలి. ఇది మొదటి చూపు పరీక్ష మాత్రమే. సైజు మారకుండా లోపల అక్షరం మార్చినా ఈ కూడిక సరిపోతుంది, దాన్ని పట్టేది హ్యాషే.

రెండో ప్రశ్నకి వద్దాం. బెంగళూరు కంప్యూటర్లో అసలు ఏ మాట వచ్చిందో అక్షరాలా ఫొటో తీసి పంపమన్నాను. వాళ్లు "ఇన్‌వాలిడ్" అన్నారు గానీ తెర మీద ఆ మాట లేదు. అక్రోబాట్ రీడర్ పైనున్న పట్టీలో `At least one signature has problems` అని ఉంది. సంతకం మీద పసుపు ప్రశ్నార్థకం, పక్కన `Validity unknown`. నిజంగా చెడిపోయిన సంతకానికి ఆ పట్టీలో `At least one signature is invalid` అని వస్తుంది, గుర్తు ఎర్ర క్రాసు. రెండింటికీ ఉన్న దూరం "ఈయనెవరో నాకు తెలీదు" అనడానికీ "ఈయన దొంగ" అనడానికీ ఉన్నంత. పసుపు గుర్తు మీద నొక్కి వివరాలు చూస్తే ఇంకా తేటగా ఉంటుంది. సంతకం తరవాత పత్రం మారలేదని ఒక వాక్యం, సంతకందారు ఎవరో తెలియడం లేదని ఇంకో వాక్యం. మొదటి ప్రశ్నకి జవాబు వచ్చేసింది. ఆగిపోయింది రెండోదాని దగ్గరే.

తెలియకపోవడం ఎందుకంటే, డిజిటల్ సంతకానికి పరిచయాల గొలుసు ఒకటుంటుంది. ఈ-ఆధార్ మీద సంతకం చేసే ఆధార్ ప్రాధికార సంస్థ సర్టిఫికెట్‌కి ఒక లైసెన్సున్న సంస్థ హామీ ఉంటుంది. ఆ సంస్థకి హామీ ఇచ్చేది సమాచార సాంకేతిక చట్టం, 2000 కింద ఏర్పడ్డ కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్, పొట్టిగా సీసీఏ. గొలుసు కొసన ఉండే రూట్ సర్టిఫికెట్ పేరు `CCA India`, వెనక ఒక సంవత్సరం. ఆ పైన ఇంకెవరూ లేరు. దాన్ని నమ్మితే కిందివాళ్లందర్నీ నమ్మినట్టు. నమ్మాలా వద్దా అన్నది చూసే కంప్యూటర్ దగ్గరున్న జాబితా చెబుతుంది. అక్రోబాట్‌కి తన జాబితా తనకుంది. ఆ కంప్యూటర్లో మన దేశపు రూట్ ఆ జాబితాలో లేకపోతే ప్రశ్నార్థకమే వస్తుంది. నెట్ సెంటర్ కుర్రాడు ఎప్పుడో ఒకసారి దాన్ని చేర్చి ఉంచాడు. ఆ సంగతి వాడే మర్చిపోయాడు. అందుకే అక్కడ ఎవరి ఆధార్ తెరిచినా టిక్కే.

చేర్చే పద్ధతి ఇదీ. ఫోన్లో కాదు, కంప్యూటర్లో, బ్రౌజర్‌లో కాదు, అక్రోబాట్ రీడర్‌లో ఫైలు తెరవాలి. సంతకం మీద కుడి బటన్ నొక్కి `Show Signature Properties`, అందులో `Show Signer's Certificate`. ఎడమ పక్కన గొలుసు కనిపిస్తుంది. అన్నిటికన్నా పైనున్న `CCA India` మీద నొక్కి, `Trust` ట్యాబ్‌లో `Add to Trusted Certificates` ఎంచుకుని, `Use this certificate as a trusted root` అన్న గడిలో టిక్కు పెట్టాలి. తరవాత వెనక్కొచ్చి `Validate Signature` నొక్కితే పసుపు పోయి పచ్చ వస్తుంది. ఆధార్ సంస్థ చెప్పే పద్ధతి కూడా ఇంచుమించు ఇదే.

ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు చాలామటుకు ఇక్కడితో ఆగిపోతాయి. నాకు మాత్రం ఇక్కడే భయం. నేనే ఇంట్లో కూర్చుని ఆధార్ సంస్థ పేరుతో ఒక దొంగ సర్టిఫికెట్ తయారుచేసి, దానితో ఒక దొంగ పీడీఎఫ్ మీద సంతకం పెట్టగలను. పైన `CCA India` అని పేరు కూడా రాసుకోగలను, పేరు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ ఫైలు తెరిస్తే మీకు వచ్చేది ఎర్ర క్రాసు కాదు, అదే పసుపు ప్రశ్నార్థకం. పైన చెప్పిన పద్ధతి గుడ్డిగా పాటిస్తే నా దొంగ సంతకానికి కూడా పచ్చ టిక్కు పడుతుంది. గుమ్మంలో నిలబడ్డవాణ్ణి "నువ్వెవరు?" అని అడిగి, వాడు చెప్పిన పేరు నమ్మి లోపలికి రానిచ్చినట్టే కదా.

కాబట్టి రూట్ సర్టిఫికెట్ తెచ్చుకోవలసింది అనుమానమున్న పీడీఎఫ్ లోంచి కాదు. సీసీఏ వెబ్‌సైటు `cca.gov.in`లో రూట్ సర్టిఫికెట్లు పెట్టి ఉంటాయి. అక్కణ్ణుంచి దించుకుని, అక్రోబాట్‌లో `Preferences`, `Signatures`, `Identities & Trusted Certificates` దారిన వెళ్లి దిగుమతి చేసి, ఆ సర్టిఫికెట్‌కి రూట్‌గా నమ్మకం ఇవ్వాలి. ఇది ఒక్కసారి చేస్తే చాలు. తరవాత నిజమైన ఈ-ఆధార్ తెరిస్తే దానంతటదే పచ్చగా మారుతుంది, దొంగది పసుపుగానే ఉండిపోతుంది. పీడీఎఫ్ లోంచే చేర్చక తప్పకపోతే, కనీసం ఆ సర్టిఫికెట్ `Details`లో కనిపించే డైజెస్టు అంకెల్ని సీసీఏ ఇచ్చినవాటితో పోల్చి చూడాలి.

ఇంత చాదస్తం దేనికంటారా? గొలుసులో నమ్మకం సడలిన రోజు కూడా ఉంది. 2014 జూలైలో, ఎన్‌ఐసీ సర్టిఫైయింగ్ విభాగం నుంచి గూగుల్ డొమైన్ల పేరిట అనుమతి లేని సర్టిఫికెట్లు వెలువడ్డాయని గూగుల్ బయటపెట్టింది. సీసీఏ ఆ విభాగపు మధ్యస్థ సర్టిఫికెట్లను రద్దు చేసింది. అవి వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు, మన పీడీఎఫ్ సంతకాలు కావు. అయినా, ఎవరి జాబితాలో ఎవరుండాలన్నది సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఎందుకంత పట్టుగా చూస్తాయో అర్థమవుతుంది.

బ్రౌజర్ వద్దని ఎందుకన్నానో కూడా చెప్పాలి. మెయిల్లోనే ప్రివ్యూ నొక్కితేనో, క్రోమ్‌లో తెరిస్తేనో కనిపించేది కేవలం బొమ్మ. అవి సంతకాన్ని పరీక్షించవు. ఈ-ఆధార్ సంతకం బొమ్మలో ప్రశ్నార్థకం ముందే గీసి ఉంటుంది. అక్రోబాట్ పరీక్షించాక దాని మీద టిక్కు వేస్తుంది. పరీక్షించలేని చోట ఆ ప్రశ్నార్థకం అలాగే మిగిలిపోతుంది. ఫోన్లో చూసి "సంతకం సెల్లదంట" అని కంగారుపడేవాళ్లలో ఎక్కువమంది చూస్తున్నది ఈ బొమ్మనే.

లినక్స్ వాడేవాళ్లకి ఒక్క వరసలో రెండు ప్రశ్నలకీ విడివిడిగా జవాబు చెప్పే పనిముట్టుంది.

```
pdfsig -upw PASSWORD mundu.pdf
```

పాస్‌వర్డ్ అంటే తెలిసిందే, ఆధార్‌లో పేరు మొదటి నాలుగక్షరాలు ఇంగ్లిషు పెద్దబడిలో, వెనకే పుట్టిన సంవత్సరం. జవాబులో `Signature is Valid` ఒక వరస, `Certificate issuer is unknown` ఇంకో వరస వస్తే కలవరపడనక్కర్లేదు. ఫైలు మారలేదు, రూట్ పరిచయం లేదు, అంతే సంగతి.

ఇదంతా మేనకోడలికి చెప్పి, బెంగళూరు వాళ్లకి చెప్పమన్నాను. ఈలోగా నెట్ సెంటర్ కుర్రాడు సాయం చెయ్యబోయి పని పెంచాడు. కంపెనీ పోర్టల్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలు తీసుకోవడం లేదని, ఏదో వెబ్‌సైటులో ఎక్కించి పాస్‌వర్డ్ తీసేసి, ఆ ఫైలు పంపాడు. ఈసారి నిజంగానే ఎర్ర క్రాసు.

ఇందులో వింతేమీ లేదు. సంతకం కట్టింది తాళం వేసిన బైట్ల మీద. తాళం తీస్తే ఆ బైట్లన్నీ మారతాయి. ఇందాకటి ByteRange అంకెలు పాత ఇంటి కొలతలు, ఇప్పుడున్నది కొత్త ఇల్లు. కాగితం మీద అక్షరం మారకపోయినా సంతకం చెడింది, చెడాలి కూడా. సైజు తగ్గించడం, రెండు ఫైళ్లు కలపడం, పేజీ తిప్పి సేవ్ చెయ్యడం, వీటన్నిటికీ ఇదే గతి. `Print to PDF` చేస్తే ఇంకో రకం. అప్పుడు సంతకమే ఉండదు, దాని బొమ్మ మిగులుతుంది. ఎర్ర క్రాసూ రాదు, నొక్కితే ఏమీ తెరుచుకోదు. మనిషి పోయి ఫొటో మిగిలినట్టు.

పైగా ఆధార్ ఫైలుని ఎవరిదో తెలియని వెబ్‌సైటుకి పాస్‌వర్డ్‌తో సహా అప్పగించడం సంతకం చెడటం కన్నా పెద్ద తప్పు. ఆ మాట కుర్రాడితో కాస్త గట్టిగానే అన్నాను.

పాస్‌వర్డ్ ఒప్పుకోని పోర్టల్‌కి ఏం పంపాలి మరి? అసలు ఫైలు మెయిల్లో, పాస్‌వర్డ్ ఫోన్లో. లేదా ప్రింటు. ప్రింటులో డిజిటల్ సంతకం బతకదు గానీ, ఈ-ఆధార్ మీదున్న పెద్ద క్యూఆర్ కోడ్‌లో ఆధార్ సంస్థ సంతకం విడిగా ఉంటుంది. ఆధార్ సంస్థ యాప్‌తో స్కాన్ చేస్తే ఆ సంతకం సరిచూసి పేరూ, చిరునామా, ఫొటో చూపిస్తుంది. కాగితం మీద అచ్చైనవాటితో అవి కలుస్తున్నాయో లేదో కంటితో పోల్చుకోవచ్చు. సంతకం సత్తా కాగితానికి చేరే దారి అదొక్కటే.

మూడో రకం తిప్పలు కాలంతో. సంతకందారు సర్టిఫికెట్‌కి గడువుంటుంది. ఎన్నో ఏళ్ల కిందటి ఫైలు ఇప్పుడు తెరిస్తే, సంతకం చేసిన నాటికి అది చెల్లుబాటులోనే ఉందని చెప్పే ఆధారాలు ఫైల్లో దాచి ఉండకపోతే మళ్లీ ప్రశ్నార్థకం రావచ్చు. ఈ-ఆధార్‌కైతే కొత్తగా దించుకుంటే సరి. ఇంకో చిన్న సంగతి, పాత కంప్యూటర్లో లోపలి బ్యాటరీ చచ్చిపోయి గడియారం ఏ 2010కో వెళ్లిపోతే, "ఈ సర్టిఫికెట్ ఇంకా పుట్టనేలేదు" అంటుంది. ఏమీ పాలుపోనప్పుడు ముందు తెర మూలనున్న తేదీ చూడటం నా అలవాటు.

మూడో రోజు బెంగళూరులో ఎవరో ఓపికమంతులు రూట్ చేర్చారు, మొదటి ఫైలే పచ్చబడింది. కథ అయిపోయిందనుకున్నాం. మళ్లీ ఫోను. దరఖాస్తులో అనకాపల్లి జిల్లా అని రాశావు, ఆధార్‌లో విశాఖపట్నం జిల్లా అని ఉంది, ఏది నిజం అని అడిగారట. రెండూ నిజమే. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చాయి, వడ్డాది అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. పాత చిరునామాతో తీసుకున్న ఆధార్లలో మాత్రం మార్పించుకునేదాకా విశాఖపట్నమే.

"ఒక్క మాటే కదా మావయ్యా, ఎడిట్ సేసి ఇచ్చెయ్యనా?" అన్నాడు కుర్రాడు, అప్పటికే ఏదో ఎడిటర్ తెరిచి. దురుద్దేశం లేదు, వాడు రాయబోయేది నిజమే కూడా. కానీ సంతకానికి నిజమూ అబద్ధమూ తెలీవు. నాడు ఏముందో అదే ఉందా లేదా, ఆ ఒక్కటే దానికి తెలుసు. మేనకోడలు చిరునామా మార్పుకి దరఖాస్తు పెట్టి, ఆ రసీదూ మొదటి రోజు దించుకున్న ఫైలూ కలిపి మెయిల్ చేసింది. కుర్రాడు ఎడిటర్ మూసేసి, ఆ ఫైలుకి "అసలు - ముట్టుకోవద్దు" అని పేరు మార్చి దాచాడు. పేరు మారిస్తే సంతకం చెడుతుందా అని అడిగాడు. ఫైలు పేరు ఫైల్లో ఉండదు, చెడదు అన్నాను. నమ్మకం కుదరక certutil ఇంకోసారి కొట్టి చూసుకున్నాడు.